అవ్వ కాసులపేరు పెళ్లికూతురి ఫోటో మీదికి: నగ మారిపోకుండా ఎక్కించే పద్ధతి

ప్రొద్దుటూరులో పెళ్లి ఫోటోలు ఎడిటింగ్ చేసేవాళ్లకు ఒక పరీక్ష ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ చూసేవాళ్లకు బంగారం తెలుసు. కాసు అంచు చూసి పాతదా కొత్తదా చెప్పేవాళ్లు, ఫోటోలో గాజు చూసి ఎన్ని తులాలుంటుందో అంచనా వేసేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందుకే ఒక నగను వేరే ఫోటోలోంచి తెచ్చి పెళ్లికూతురి మీద పెట్టే పని ఇక్కడ పైపైన చేస్తే నిలబడదు. ఈ మధ్య నేను చేసిన ఒక ఫ్రేము పనిని మొదటి నుంచి చివరిదాకా చెప్తాను, ఫోటోషాప్ మామూలుగా వాడటం వచ్చినవాళ్లు దీన్ని పట్టుకుని చేసుకోవచ్చు.

ఆ ఇంట్లో పెళ్లి సమయానికి అవ్వ కాసులపేరూ, నాలుగు గాజులూ బ్యాంకులో కుదవలో ఉన్నాయి. ఆరు నెలల తర్వాత విడిపించుకున్నారు, కానీ అప్పటికి అమ్మాయి అత్తగారి కుటుంబంతో దేశం దాటి వెళ్లిపోయింది. హాల్లో పెట్టే 12×18 ఫ్రేములో మనవరాలి మెడలో తన కాసులపేరు ఉండాలని అవ్వ కోరిక. వాళ్లు ఫోన్‌లో తీసిన ఒక ఫోటో పంపారు, నేను ఒక సాయంత్రంలో చేసిచ్చాను. మెడ పక్కన నాలుగు కాసులు ఫోటోలో సరిగా పడలేదు, పక్కనున్నవాటినే కాపీ చేసి అతికించాను. అవ్వ ఫోటో దగ్గరగా పట్టుకుని వేలు పెట్టి చూసుకుంటూ పోయి, "మా కాసుల్లో ఒకటి వంకరగా ఉంటాది నాయనా, అది యాడికి పాయె? ఇది మాది కాదు" అంది. ఆమె పెళ్లప్పుడు కొక్కెం ఊడితే కంసాలి మళ్లీ అతికిన కాసు అది, అప్పటి నుంచి కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. నేను దాన్ని చెరిపేసి పక్కకాసు పెట్టేశాను. ఆ ఫోటో పక్కన పడేసి మొదటి నుంచి చేశాను.

మొదట నగను చదవండి

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు నగ చేతిలోకి తీసుకోండి, వీలు కాకపోతే ఇంట్లోవాళ్లను వీడియో కాల్‌లో పట్టుకుని చూపించమనండి. కాసులు ఎన్ని, లెక్కపెట్టండి. ఈ కాసులపేరులో 42. ఏ కాసు మీద ఏ కాసు ఎక్కి కూర్చుందో చూడండి, ఎందుకంటే ఇందులో ఒక్కో కాసు పక్కదాని మీద పావు వంతు ఎక్కి ఉంది, ఆ వరస తిరగబడితే నగ తెలిసినవాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది. అతుకు ఎక్కడ, సొట్ట ఎక్కడ, రాయి ఊడినచోటు ఎక్కడ, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. నాకు రాసుకున్నవి నాలుగే: కింద మధ్య నుంచి ఎడమవైపు తొమ్మిదో కాసు వంకర, వెనక గొలుసు కొత్తది, రెండు కాసుల్లో లక్ష్మీదేవి ముఖం బాగా అరిగిపోయింది, ఒక గాజు లోపలి అంచున చిన్న నొక్కు. చివర్లో సరిచూసుకునేది ఈ కాగితంతోనే.

తర్వాత కొలతలు. స్కేలు పెట్టి కొలిస్తే కాసు 16 మి.మీ. వెడల్పు. గాజులు 2-6 సైజు. మన గాజుల అంగట్లో 2-4, 2-6, 2-8 అనేది అంగుళాల లెక్కే, 2-6 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, లోపలి వెడల్పు సుమారు 60 మి.మీ. వస్తుంది. ఇంట్లోవాళ్లు సైజు చెప్తే చాలు, గాజు చూడకపోయినా కొలత మీ చేతిలో ఉన్నట్టే.

ఎంత పెద్దదిగా పెట్టాలో కంట్లో నల్లగుడ్డు చెప్తుంది

నగ అంతా బాగా వచ్చి సైజు తప్పితే చూసేవాళ్లకు ఏదో తేడా అనిపిస్తుంది కానీ ఏంటో చెప్పలేరు. కళ్లతో అంచనా వేసి పెట్టకండి, చాలామంది నగను పెద్దది చేసేస్తారు, ఘనంగా కనపడాలని. కాసులు పెద్దవైతే అది వేరే కాసులపేరు అయిపోతుంది.

పెళ్లికూతురి ఫోటోలో కొలబద్ద ఉంది, అది కంట్లో నల్లగుడ్డు. పెద్దవాళ్లందరిలోనూ దాని అడ్డం కొలత దాదాపు ఒకటే, 11.7 మి.మీ. దగ్గర ఉంటుంది, మనిషికీ మనిషికీ తేడా చాలా తక్కువ. ఫోటోషాప్‌లో Ruler Tool తీసుకుని, కెమెరా వైపు నేరుగా చూస్తున్న కంట్లో నల్లగుడ్డును ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవండి. మా ఫోటోలో 94 పిక్సెళ్లు వచ్చింది. 94ను 11.7తో భాగిస్తే మిల్లీమీటరుకు 8 పిక్సెళ్లు. అంటే 16 మి.మీ. కాసు ఈ ఫోటోలో 128 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి, అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

నగ ఫోటోకు కూడా ఇలాంటి కొలబద్ద కావాలి. నగ ఉన్న లోతులోనే, దాని పక్కన ఒక పది రూపాయల బిళ్ల పెట్టి ఒక ఫోటో తీయండి, ఆ బిళ్ల వెడల్పు 27 మి.మీ. మా నగ ఫోటోలో అది 405 పిక్సెళ్లు వచ్చింది, అంటే మిల్లీమీటరుకు 15. ఇప్పుడు 8ని 15తో భాగిస్తే 53 శాతం చిల్లర. నగను అంతకు తగ్గించి పెట్టాలి. ఒకవేళ లెక్క వంద శాతం దాటి వచ్చిందంటే, అంటే నగను పెంచాల్సి వస్తోందంటే, ఆ ఫోటో ఈ పనికి చాలదు. పెంచితే కాసు మీది బొమ్మ మసకబారుతుంది, దాన్ని దిద్దబోతే మీరు కొత్త బొమ్మ గీస్తున్నట్టే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతాయి, అందుకే Documentగా పంపమని అడగాలి.

బంగారం అద్దం లాంటిది, నగను మళ్లీ ఫోటో తీయండి

ఈ పనిలో ముఖ్యమైన సంగతి ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. బంగారానికి మనం చూసే రంగులో చాలా భాగం దాని చుట్టూ ఉన్నవాటిది. తెల్లటి బల్ల మీద పెట్టి తీసిన కాసులో తెల్లబల్ల కనపడుతుంది, నల్ల వెల్వెట్ మీద తీస్తే కాసు అంచులన్నీ నల్లగా పోతాయి. దాన్ని ఎంత చక్కగా కత్తిరించి ఎర్రపట్టుచీర మీద పెట్టినా స్టిక్కరు అంటించినట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ కాసులో ఎరుపు ఎక్కడా లేదు. నా మొదటి ప్రయత్నంలో అవ్వ వంకరకాసు పట్టుకుంది కానీ, ఆ ఫోటోలో ఇంకో తప్పు కూడా ఉంది, కాసులపేరు కింద అంచులంతా మంచం మీది తెల్లదుప్పటి మెరుపు.

నగ ఇంట్లోనే ఉంది కాబట్టి మళ్లీ తీయడం మంచిది. పెళ్లికూతురి చెల్లెలిది దాదాపు అదే ఒడ్డూ పొడుగూ. ఆమెకు అదే మెరూన్ రంగు పట్టురవిక, పట్టుచీర కట్టించి, కాసులపేరు వేసి, పెళ్లి ఫోటోలో అక్క కూర్చున్నట్టే కుర్చీలో పక్కకి తిప్పి కూర్చోబెట్టాము. మనిషి దొరక్కపోతే నగల అంగట్లో హారాలు తొడిగే బొమ్మ ఉంటుంది చూడండి, దానికి అదే రంగు పట్టుగుడ్డ చుట్టి తీయొచ్చు. బల్ల మీద పరిచి మాత్రం తీయకండి. మెడలో వేలాడే నగ బరువుకు ఒక రకంగా వంగుతుంది, పరిచిన నగలో ఆ వంపు రాదు, తర్వాత మీరు దాన్ని బలవంతంగా వంచాల్సి వస్తుంది.

వెలుగు ఎటు నుంచి పడాలో మళ్లీ పెళ్లికూతురి కళ్లే చెప్తాయి. నల్లగుడ్డులో లైటు మెరుపు గడియారంలో పది గంటల చోట ఉంది, ముక్కు నీడ ఫోటోకు కుడివైపు చెంప మీద పడింది. కాబట్టి చెల్లెలికీ కెమెరా వైపు నుంచి చూస్తే ఎడమ పక్క నుంచి, తల కంటే ఎత్తులో, అదే సైజు సాఫ్ట్‌బాక్స్ పెట్టాను. చెల్లెలి కంట్లోనూ మెరుపు పది గంటల దగ్గరికి వచ్చేదాకా స్టాండు జరుపుకుంటూ పోయాను. కెమెరా పెళ్లి ఫోటోకు ఉన్నంత దూరంలోనే పెట్టాను. ఫోన్ ఒక్కటే ఉంటే ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి 2x లో తీయండి, దగ్గరికి పోతే మధ్య కాసులు ఉబ్బి పక్కవి చిన్నవైపోతాయి. మొదటి ఫోటోలో ఒక గ్రే కార్డు పట్టించి తీసుకోండి, రంగు దగ్గర పనికొస్తుంది.

నగ ఫోటోలో వెలుగు తప్పు వైపు నుంచి ఉంటే కొందరు నగను అడ్డంగా తిప్పేస్తారు. అలా ఎప్పుడూ చేయొద్దు. కాసు మీద అక్షరాలుంటే అవి తిరగబడతాయి, పతకంలో నెమలి అటు చూసేది ఇటు చూస్తుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కిన కాసుల వరస మారిపోతుంది. అది ఆ ఇంటి నగ కాదు.

కత్తిరించడం, పెట్టడం

నగను కత్తిరించడానికి Pen Tool తప్ప వేరేది నమ్మను. ఆటోమేటిక్ సెలక్షన్ కాసుల మధ్య సందుల్లో చీర ముక్కలు వదిలేస్తుంది, లేదా కాసు అంచునున్న సన్నటి గాట్లు నున్నగా చేసేస్తుంది. అంచుకు ఒక పిక్సెల్ లోపలగా గీయండి, సెలక్షన్ చేసేటప్పుడు Feather 0.5 పెట్టండి. కాసుల మధ్య ప్రతి సందునూ విడిగా తీసేయాలి, నాకు 42 కాసులకు రెండు గంటలు పట్టింది. తర్వాత Convert to Smart Object చేసి, అప్పుడు 53.3 శాతానికి తగ్గించండి. ఇలా చేస్తే తర్వాత తిప్పినా జరిపినా అసలు పిక్సెళ్లు పాడవవు.

చెల్లెలి మెడలో తీసినా అక్క ఛాతీ మీద వంపు అచ్చంగా అదే ఉండదు. ఇక్కడ Warp పట్టుకుని మొత్తం గొలుసు లాగితే కాసులు కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి, ఒక్క కాసు గుండ్రం తప్పినా కనిపెట్టేస్తారు. దానికి బదులు గొలుసును ఐదారు కాసులకొక ముక్కగా విడగొట్టండి, ఒక్కో ముక్కను ఒక్కో లేయరులో పెట్టి, రెండు మూడు డిగ్రీలు తిప్పుతూ వంపు కలుపుకుంటూ రండి. ముక్కల మధ్య కొంచెం దగ్గరికి జరిపినా ఫర్వాలేదు, కాసు కాసు కిందికి పోతుంది. దూరం మాత్రం జరపొద్దు, కింద దాగిన భాగం మన దగ్గర లేదు, ఖాళీ కనపడుతుంది. దూరం జరపక తప్పదనిపిస్తే చెల్లెల్ని ఇంకొంచెం తిప్పి మళ్లీ తీయాలి.

పైట ఎడమ భుజం మీద ఉంది, జడలోంచి మల్లెపూలు ముందుకి పడ్డాయి. కాసులపేరు పైట మీద నుంచి పోవాలి, పూల కింద నుంచి పోవాలి, పుస్తెల తాడుకు బయటివైపు పడాలి. ఈ ముగ్గురు ఎవరి పైన ఎవరో ముందే అమ్మాయి తల్లిని అడిగి తెలుసుకోండి. పూల రెమ్మలు కాసుల మీదికి వచ్చేచోట మాస్కు చాలా సన్నగా గీయాలి, ఒక్క రెమ్మ కాసు మీద సరిగా పడితే నగ అక్కడే పుట్టినట్టు ఉంటుంది.

నీడలు రెండు

నగ కింద ఒకే నీడ పెట్టి వదిలేస్తే గాల్లో తేలుతుంది. మొదటిది కాసు చీరకు ఆనుకున్నచోట సన్నటి ముదురు నీడ: కొత్త లేయరు, Multiply, రంగు నలుపు కాదు, చీర మడతల లోపల ఉన్న ముదురు మెరూన్‌ను Eyedropperతో తీసుకోండి. నగ ఆకారాన్నే నింపి, వెలుగుకు ఎదురుదిక్కున మూడు నాలుగు పిక్సెళ్లు జరిపి, Gaussian Blur మూడు నాలుగు. ఇది అర మిల్లీమీటరు నీడ. రెండోది విశాలంగా, బ్లర్ 25 దాకా, ఒపాసిటీ 25 శాతం. చర్మం మీద పడిన నీడకు మెరూన్ పనికిరాదు, మెడ నీడలోంచి గోధుమ రంగు తీసుకోవాలి.

చీర కుచ్చు మడత దగ్గర నీడ నేరుగా పోదు, మడత లోపలికి దిగినచోట దూరం జరుగుతుంది, మడత పైకొచ్చినచోట కాసుకు దగ్గరికి వస్తుంది. ప్రతి మడత దగ్గర నీడను విరిచి ఆ మేరకు జరపండి. మా ఫోటోలో పైట మీద నాలుగు మడతలుంటే నాలుగు చోట్లా విరిచాను. చేసిందల్లా ఒక పది నిమిషాల పని, నగ చీర మీద కూర్చున్నది దానితోనే.

రంగు: వెలుగును కలపండి, బంగారాన్ని కలపకండి

పెళ్లికూతురి చెవులకు కొత్త బుట్టకమ్మలున్నాయి. కాసులపేరు రంగు వాటికి కలిపేయాలని చేయి లాగుతుంది. కానీ పాత కాసులపేరు కొంచెం ఎర్రగా, గీతల్లో నల్లగా ఉంది, కొత్త కమ్మలు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. రెండూ ఒకే రంగు చేస్తే అవ్వ నగ కొత్త నగ అయిపోతుంది. కాబట్టి రెండు ఫోటోల వైట్ బ్యాలెన్సు మాత్రం కలపండి, గ్రే కార్డు తీయించింది అందుకే. తర్వాత Curvesతో కమ్మల్లో అన్నిటికన్నా మెరిసే చుక్క ఎంత వెలుగులో ఉందో, కాసుల్లో మెరిసే చుక్క దాని దగ్గరికి వచ్చేలా, నీడ భాగం ఎంత ముదురో అంత ముదురు వచ్చేలా చూడండి. అక్కడితో ఆపేయండి.

పసుపుదనం పెంచొద్దు. పెంచారో లేదో తెలుసుకోవడానికి Channelsలో Blue ఒక్కటే ఆన్ చేసి చూడండి. కాసులో లక్ష్మీదేవి బొమ్మ అందులోనూ కొంచెం కనపడాలి. కాసంతా ఒకే నల్లముద్దగా ఉంటే రంగు ఎక్కువైంది, ప్రింటులో ఆ బొమ్మ పోయి పసుపు బిళ్ల మిగులుతుంది. చివరగా 100 శాతం జూమ్‌లో పుస్తెల అంచు, కాసు అంచు పక్కపక్కన చూడండి. తగ్గించిన నగ ఎప్పుడూ అతి పదునుగా ఉంటుంది, నేను 0.7 బ్లర్ వేసి, 1 శాతం నాయిస్ కలిపాను.

గాజులు

గాజుల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే, ముందు సగం మాత్రమే మణికట్టు మీద అంటిస్తారు. గాజు ఒక చక్రం. పెళ్లికూతురు కొబ్బరిబొండం పట్టుకుని ఉంది, ముంజేతులు కెమెరా వైపు వస్తున్నాయి, కాబట్టి గాజు వెనక సగం లోపలివైపు కూడా మణికట్టు పక్కన కొంచెం కనపడుతుంది. అందుకే ప్రతి గాజూ రెండు లేయర్లు: వెనక సగం చేతి కింద, ముందు సగం చేతి పైన.

సైజు దగ్గర ఇంకో జాగ్రత్త. నల్లగుడ్డు లెక్క ముఖం ఉన్న దూరానికి. ముఖం 2 మీటర్ల దూరంలో, చేతులు 1.7 మీటర్ల దూరంలో ఉంటే చేతులు 2ను 1.7తో భాగించినంత, అంటే దాదాపు 18 శాతం పెద్దగా పడతాయి. మిల్లీమీటరుకు 8 బదులు 9.4 పిక్సెళ్లు. 60 మి.మీ. లోపలి వెడల్పు ఇక్కడ సుమారు 565 పిక్సెళ్లు అవుతుంది. ఈ లెక్క వదిలేస్తే గాజు పిల్లల గాజులా చేతికి ఇరుక్కుపోతుంది.

ఎంత చపటగా కనపడాలి అనేది చేయి ఎంత ముందుకు వచ్చిందో దాని మీద ఉంటుంది. చేయి ఫ్రేముకు అడ్డంగా ఉంటే గాజు నిటారు గీతలా కనపడుతుంది, 30 డిగ్రీలు కెమెరా వైపు తిరిగితే దాని సన్నవైపు వెడల్పువైపులో సగం. ఊహించాల్సిన పని లేదు, ఆమె చేతికి ముందే మట్టిగాజులున్నాయి, వాటిలో ఒకదాన్ని కొలిచి అదే నిష్పత్తి తీసుకోండి. నేను చెల్లెలి చేతికే బంగారు గాజులు, ఆకుపచ్చ మట్టిగాజులు కలిపి తొడిగి, అలాగే బొండం పట్టించి తీశాను. బంగారు గాజు పక్కన ఆకుపచ్చ గాజు ఉంటే బంగారంలో సన్నటి ఆకుపచ్చ చార పడుతుంది, విడిగా తీసిన గాజులో అది ఉండదు.

ఇంక బరువు. చేయి కొంచెం పైకి ఎత్తి ఉంటే గాజులు మోచేతి వైపు జారి ఆగుతాయి, మణికట్టు పైభాగానికి ఆనుతాయి, కింద ఖాళీ ఉంటుంది. ఖాళీని పైన పెట్టి కింద ఆనించారంటే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది. పైన ఆనినచోట చర్మం మీద సన్నటి నీడ, దాని పక్కనే బంగారం నుంచి పడే లేత పసుపు వెలుగు, ఒపాసిటీ 8 శాతం చాలు.

సరిచూడటం

ఫోటోను అడ్డంగా తిప్పి ఒకసారి, నలుపు తెలుపులో ఒకసారి చూడండి. తిప్పినప్పుడు వంపు తప్పులు, నలుపు తెలుపులో వెలుగు తప్పులు బయటపడతాయి. తర్వాత మొదట రాసుకున్న కాగితం తీసి ఒక్కో గుర్తూ వెతకండి. కాసులు లెక్కపెట్టేటప్పుడు పూల కింద, మెడ వెనక దాగినవి ఎన్నో కూడా చూసుకోవాలి. మాకు 42లో కనపడేవి 33, రెండు వైపులా కలిపి దాగినవి 9. దాగినవి ఎక్కడ మొదలవుతున్నాయో చెల్లెలి ఫోటోతో సరిపోయింది.

పెద్ద ప్రింటుకు పోయేముందు కాసులపేరు, గాజులు ఉన్న భాగాన్ని మాత్రం ఫ్రేములో ఉండే సైజులోనే ఒక చిన్న కాగితం మీద వేయించి, ఎండ వెలుతురులో నగ పక్కన పెట్టి చూశాము. అవ్వ కింద మధ్యకాసు నుంచి ఎడమవైపు వేలు జరుపుకుంటూ పోయి తొమ్మిదో దాని దగ్గర ఆపింది. "గాజు నొక్కు లోపలికి పెట్టినావు కదా, బయటికి కనపడకుండా" అని అడిగింది. కుడిచేతి గాజు, లోపలి అంచు, బొండం వైపు. చూపించాను. ఫ్రేముకు పంపమంది.